పాత మేనేజర్‌కి ఒక మెయిల్

ఇవాళ సార్‌కి మెయిల్ పంపేశాను. రాయడానికి నాలుగు రోజులు పట్టింది. బెంగళూరు మారతహళ్లిలో ఈ గదికి వచ్చాక ఒక్క మెయిల్ కోసం ఇంతసేపు కూర్చోవడం ఇదే మొదటిసారి. మూడేళ్లు ఆయన టీమ్‌లో చేశాను, మానేసి రెండేళ్లు దాటింది, ఈ రెండేళ్లలో ఒక్క ఉగాదికి తప్ప మెసేజ్ కూడా పెట్టలేదు. ఇప్పుడు అవసరం పడితే గుర్తొచ్చానా అనుకుంటారేమోనని గురువారం నుంచీ ఒకటే టెన్షన్.

కొత్త కంపెనీ వాళ్లు రెండో రౌండ్ అయ్యాక ఇద్దరు రిఫరెన్సుల పేర్లు, ఫోన్ నంబర్లు అడిగారు, అందులో ఒకరు మాజీ మేనేజర్ అయి ఉండాలన్నారు. నంబర్ నా దగ్గర ఉంది కదా అని ఇచ్చేయబుద్ధి కాలేదు. ఆయన ఏదో మీటింగ్‌లో ఉండగా తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చి, నా గురించి చెప్పమంటే ఆయన ఏం చెప్తారు? నేను వేరే ఉద్యోగం చూసుకుంటున్న సంగతే ఆయనకి తెలియదు. ముందు ఆయన సరే అనాలి, తర్వాతే నంబర్ ఇవ్వాలి.

మొదట రాసింది రెండే ముక్కలు. ఒక రికమెండేషన్ ఇవ్వగలరా, రెజ్యూమే కూడా ఒకసారి చూడగలరా అని. రాసి చదువుకుంటే పోయినేడాది మా జూనియర్ అమ్మాయి నాకు పంపిన మెయిల్ గుర్తొచ్చింది. అచ్చం ఇలాగే ఉంది అది. నాకు ఆ అమ్మాయంటే ఇష్టమే, అయినా మూడు వారాలు జవాబివ్వలేదు, ఎందుకంటే తనకి లింక్డ్‌ఇన్‌లో నాలుగు లైన్లు కావాలో, సంతకం పెట్టిన లెటర్ కావాలో, ఎవరితోనైనా ఫోన్‌లో మాట్లాడాలో నాకు అర్థం కాలేదు. రెజ్యూమేలో ఏం చూడాలో కూడా తెలియలేదు. తీరిగ్గా చూద్దామని పక్కన పెట్టాను, ఆ తీరిక రానే లేదు. సార్‌కి ఆ ఇబ్బంది పెట్టకూడదని మొత్తం చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాను.

రెజ్యూమేలో నన్ను నిజంగా ఇబ్బంది పెడుతున్నది ఒకే ఒక్క వాక్యం. "రాత్రి రీకన్సిలియేషన్ జాబ్ సమయాన్ని 4 గంటల నుంచి 40 నిమిషాలకు తగ్గించాను" అని రాసుకున్నాను. బ్యాంకు పంపే సెటిల్‌మెంట్ ఫైలులోని ఒక్కో లావాదేవీని మా డేటాబేస్‌లో ఉన్నదానితో సరిపోల్చే జాబ్ అది. నేను చేసిందేమిటంటే, ఒక్కో లావాదేవీకి ఒక్కో క్వెరీ వెళ్తున్న లూప్ తీసేసి వెయ్యేసి చొప్పున ఒకేసారి తెచ్చేలా మార్చాను, దాంతో గంటన్నరకు వచ్చింది. అక్కడి నుంచి నలభై నిమిషాలకు తెచ్చింది నా పక్క సీట్లో కూర్చునే తమిళ అబ్బాయి, రిఫరెన్స్ నంబర్ కాలమ్ మీద ఇండెక్స్ వేసి. ఇంటర్వ్యూల్లో ఆ వాక్యం బాగానే పనిచేసింది. కానీ రేపు వాళ్లు సార్‌కి ఫోన్ చేసి ఇది ఆవిడే చేసిందా అని అడిగితే, ఆయన అబద్ధమన్నా చెప్పాలి, నన్ను ఇరుకునన్నా పెట్టాలి. మనకి సాయం చేసే మనిషిని అలా నిలబెట్టడం అన్యాయం.

ఆయన ఇప్పటికీ అదే కంపెనీలో ఉన్నారు. ఇలాంటి విషయం ఆఫీసు మెయిల్‌కి పంపకూడదని వాట్సాప్‌లో సొంత మెయిల్ అడిగి తీసుకున్నాను. చివరికి పంపింది ఇది:

"సార్, నమస్తే. బాగున్నారా? ఇన్నాళ్లూ పలకరించనందుకు ఏమీ అనుకోకండి.

ఒక పేమెంట్స్ కంపెనీలో సీనియర్ బ్యాకెండ్ ఉద్యోగానికి చివరి దశలో ఉన్నాను. వాళ్ల హెచ్‌ఆర్ వచ్చే గురువారమో శుక్రవారమో మీతో ఓ పదిహేను నిమిషాలు ఫోన్‌లో మాట్లాడతామంటున్నారు. మీకు వీలైతేనే మీ నంబర్ ఇస్తాను. కుదరకపోతే ఒక్క మాట చెప్పండి చాలు, వేరే వాళ్లని అడుగుతాను, నేనేమీ అనుకోను. లెటర్ ఏమీ అక్కర్లేదు.

మీకు గుర్తు చేయడానికి: నేను 2019 నుంచి 2022 వరకు మీ దగ్గర చేశాను. రీకన్సిలియేషన్ జాబ్, రీఫండ్లు రెండుసార్లు వెళ్లిపోయిన రోజు సరిచేసిన పని, ఇద్దరు ఫ్రెషర్లకి నేర్పించడం, ఇవి ముఖ్యమైనవి. కొత్త ఉద్యోగం వివరాలు కింద పెట్టాను.

రెజ్యూమే జత చేశాను. మొత్తం చదవక్కర్లేదు. మొదటి పేజీలో మీ టీమ్ గురించి ఉన్న నాలుగు లైన్లు చూసి, మిమ్మల్ని అడిగితే అవునని చెప్పలేనిది ఏదైనా ఉంటే చెప్పండి. ముఖ్యంగా రెండో లైను. ఇండెక్స్ పని నాది కాదని మీకు తెలుసు. అది ఎలా రాస్తే న్యాయంగా ఉంటుంది? బుధవారంలోగా చెప్తే మార్చి పంపుతాను."

పంపి, కింద దర్శిని హోటల్‌కి వెళ్లి కాఫీ తాగొచ్చేసరికి జవాబు వచ్చేసింది. ఏమ్మా, బాగున్నావా అని మొదలుపెట్టారు. కంపెనీ తరఫున ఆయన ఏమీ రాసివ్వకూడదట, అక్కడి హెచ్‌ఆర్ కూడా చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా మాత్రమే ధ్రువీకరిస్తుందట. సొంతంగా ఫోన్‌లో మాట్లాడటానికి మాత్రం అభ్యంతరం లేదన్నారు. లెటర్ అడిగి ఉంటే ఆయన కాదనాల్సి వచ్చేదే.

రెండో లైనుకి ఆయన రాసిచ్చింది ఇలా ఉంది: "ఒక్కో లావాదేవీకి వెళ్లే క్వెరీలను వెయ్యేసి చొప్పున బ్యాచ్‌లుగా మార్చి జాబ్‌ను 4 గంటల నుంచి గంటన్నరకు తగ్గించాను, టీమ్ చేసిన ఇండెక్స్ మార్పుతో కలిపి 40 నిమిషాలకు వచ్చింది." చదువుతుంటే మనసు తేలికైంది. అంకె కాస్త పెద్దదైనా చేసిన పని ఇప్పుడు కళ్లకు కడుతోంది, ఎవరైనా ఎలా చేశావని అడిగితే గంటసేపు చెప్పగలను. మూడో లైనులో బ్యాంకు పేరు ఉంది, అది తీసెయ్, క్లయింటు పేరు బయట పెట్టకూడదు, ఒక పెద్ద ప్రైవేటు బ్యాంకు అని రాయి అన్నారు. అది నాకు తట్టనే లేదు.

ఇంకొకటి కూడా చెప్పారు. ఆ పీడీఎఫ్‌లో ఉన్నదంతా సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడమన్నారు. చేశాను. నేను ముచ్చటపడి పెట్టుకున్న రెండు కాలమ్‌లు కలగాపులగమైపోయి, ఉద్యోగం తేదీల మధ్యలో జావా, పక్కనే నా పదో తరగతి మార్కులు వచ్చి పడ్డాయి. రెజ్యూమేలను మనుషుల కంటే ముందు సాఫ్ట్‌వేర్ చదివే చోట్ల అది అలాగే కనిపించే ప్రమాదం ఉందట. మధ్యాహ్నమంతా కూర్చుని ఒకే కాలమ్‌లోకి మార్చి మళ్లీ పేస్ట్ చేసి చూశాను, ఈసారి పైనుంచి కిందికి వరసగా వచ్చింది.

సాయంత్రం కొత్త ఫైలు సార్‌కి పంపాను. తర్వాతే హెచ్‌ఆర్‌కి ఆయన నంబర్ ఇచ్చాను. తమిళ అబ్బాయికి కూడా మెసేజ్ పెట్టాను, ఆ ఇండెక్స్ పని నీ రెజ్యూమేలో ఉందా లేదా అని. లేదట, మర్చేపోయాడట, ఇప్పుడు రాసుకుంటానన్నాడు.

తొమ్మిదింటికి అన్నం వండుతుంటే సార్ దగ్గర్నుంచి మెసేజ్. "గురువారం ఎన్నింటికి చేస్తారో కనుక్కుని చెప్పమ్మా, ఆ గంటలో మీటింగ్ పెట్టుకోను."