స్టీరింగ్ కమిటీ మినిట్స్‌కి సమ్మరీ: ప్రెసీ అలవాటు ఎక్కడ దెబ్బతీసింది

డిపార్ట్‌మెంటల్ పరీక్షలో నోటింగ్, డ్రాఫ్టింగ్ పేపర్ రాయబోతున్న మిత్రుల కోసం ఇది రాస్తున్నాను. ప్రాక్టీస్ టెస్టుల్లో నాకు అన్నిటికన్నా తక్కువ మార్కులు వచ్చిన ప్రశ్న ఒకటే. స్టీరింగ్ కమిటీ మినిట్స్ పది పన్నెండు పేజీలు ఇచ్చి, పైన అర పేజీలో ఎగ్జిక్యూటివ్ సమ్మరీ రాయమనే ప్రశ్న.

నేను ప్రెసీ బాగా రాస్తాను. చిక్కు అక్కడే వచ్చింది. ప్రెసీలో అసలు పాఠాన్ని మూడో వంతుకు కుదించి, అదే వరుసలో, దేనికి ఎంత చోటుందో ఆ పాళ్లలోనే చెప్తాం. సమ్మరీకి ఈ మూడు పద్ధతులూ పనికిరావు. మినిట్స్‌లో మూడు పేజీలు నడిచిన చర్చకు సమ్మరీలో ఒక్క వాక్యం చాలు. నాలుగు లైన్ల తీర్మానం మొదటి వాక్యంగా రావాల్సి ఉండొచ్చు.

నేను తప్పు రాసిన టెస్టే చూడండి. ఒక పట్టణంలో నీటి మీటర్ల ప్రాజెక్టు, జనవరిలో సమావేశం, తొమ్మిది అజెండా అంశాలు. సమ్మరీ చదివేది శాఖ కార్యదర్శి. నా జవాబు ఇలా మొదలైంది: ‘గత సమావేశం మినిట్స్‌ను ధ్రువీకరించారు. మీటర్ల బిగింపు పురోగతిపై సుదీర్ఘంగా చర్చించారు. గడువు పొడిగించారు. సర్వర్లకు అదనంగా రూ.1.8 కోట్లు ఆమోదించారు.’

దిద్దిన సీనియర్ సార్ చివరి వాక్యం కింద ఎర్ర గీత గీశారు. మినిట్స్‌లో ఉన్నది ‘ఆర్థిక శాఖ సమ్మతికి లోబడి సూత్రప్రాయంగా అంగీకరించడమైనది’ అని. నేను దాన్ని ‘ఆమోదించారు’ అనేశాను. ‘ఈ ఒక్క మాట నమ్మి కార్యదర్శి గారు ఉత్తర్వు ఇమ్మంటే, రేపు ఆడిట్‌లో ఎవరు జవాబు చెప్తారమ్మా?’ అని అడిగారు. క్రియాపదం మార్చానంటే నిర్ణయాన్నే మార్చినట్టని అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత నా పద్ధతి మారింది. మొదటిసారి చదివేటప్పుడు పెన్సిల్‌తో క్రియలు మాత్రమే గుర్తు పెడతాను: తీర్మానించింది, సూత్రప్రాయంగా అంగీకరించింది, గమనించింది, వాయిదా వేసింది. ‘గమనించింది’ అన్నవి దాదాపు అన్నీ వదిలేస్తాను. ‘సభ్యులు అభిప్రాయపడ్డారు’ అన్నదాన్ని నిర్ణయంగా ఎప్పుడూ రాయను. రెండోసారి చదివేటప్పుడు, గుర్తు పెట్టిన ప్రతి దాని పక్కన ఎవరు చేయాలి, ఎప్పటిలోగా అన్నది రాసుకుంటాను. ఇవి రెండూ అయ్యాకే వరుస నిర్ణయిస్తాను. చదివే అధికారి చేయాల్సిన పని ముందు, అయిపోయిన నిర్ణయాలు తర్వాత, తేలనివి చివర.

అదే మినిట్స్‌కి మళ్లీ రాస్తే ఇలా వచ్చింది:

‘సర్వర్లకు అదనంగా రూ.1.8 కోట్ల వ్యయానికి, ఆర్థిక శాఖ సమ్మతికి లోబడి, కమిటీ సూత్రప్రాయంగా అంగీకరించింది. ఆర్థిక శాఖకు ప్రతిపాదన ఫిబ్రవరి 15లోగా కార్యదర్శి సంతకంతో వెళ్లాలి (పేరా 5.3). 40,000 మీటర్లలో ఇప్పటికి 14,000 మాత్రమే బిగించినందున గడువును మార్చి 31 నుంచి జూన్ 30కి పొడిగించింది; బాధ్యత చీఫ్ ఇంజనీర్‌ది (పేరా 2.6). ఆలస్యానికి కాంట్రాక్టరుపై జరిమానా మినహాయింపును ఆర్థిక శాఖ ప్రతినిధి వ్యతిరేకించారు, నిర్ణయం తదుపరి సమావేశానికి వాయిదా పడింది (పేరా 2.8).’

జరిమానా సంగతి నిర్ణయం కాదు కదా, ఎందుకు రాయాలి అని నేనూ అనుకున్నాను. కానీ గడువు పొడిగించారని మాత్రమే చదివితే జరిమానా కూడా పోయిందనే ఎవరైనా అనుకుంటారు. అసమ్మతి నమోదైన చోట ఒక్క వాక్యమైనా ఇవ్వాల్సిందే. పేరా నంబర్లు కూడా అలంకారం కోసం కాదు. అనుమానం వచ్చిన అధికారి పన్నెండు పేజీలూ తిప్పకుండా సరిగ్గా అక్కడికే వెళ్తారు.

టైమ్ విషయానికొస్తే, నలభై నిమిషాల్లో ఇరవై ఐదు చదవడానికే పెట్టేదాన్ని. రాయడానికి పది సరిపోతాయి. మిగిలిన ఐదులో సమ్మరీలోని ప్రతి అంకె, తేదీ మీద వేలు పెట్టి మినిట్స్‌తో సరిచూసుకునేదాన్ని. మినిట్స్‌లో లేని ముక్క సమ్మరీలో ఒక్కటి కూడా ఉండకూడదు. మనకు తెలిసిన నేపథ్యమైనా సరే.

ఈ సరిచూడ్డంలోనే ఇంకొక టెస్టులో ఒకటి దొరికింది. పేరాలో రూ.1.8 కోట్లు, అనుబంధంలో రూ.1.08 కోట్లు. ఏది సరైనదో మనం తేల్చకూడదు. తీర్మానంలో ఉన్న అంకెనే సమ్మరీలో ఉంచి, దాని కిందే ‘అనుబంధంలో రూ.1.08 కోట్లు అని ఉంది. జారీకి ముందు కన్వీనర్ ధ్రువీకరించాలి’ అని విడిగా ఒక లైన్ రాశాను. ఆ లైన్ పక్కన సార్ టిక్ పెట్టారు.