లాభం పన్నెండు లక్షలు, బ్యాంకులో నాలుగు

మాది అల్లూరు వైపు రొయ్యల రైతులు కలిసి పెట్టుకున్న చిన్న కంపెనీ. మేత టోకున తెచ్చి సభ్యులకు అమ్ముతాం. వాటాదారులందరూ చెరువులున్నవాళ్లే. ఏప్రిల్-జూన్ లెక్కలు మీటింగ్‌లో చెప్పే పని అకౌంట్స్ చూసే నా మీద పడింది. లిస్టెడ్ కంపెనీల్లా 45 రోజుల్లో ఎక్స్ఛేంజీకి పంపాల్సిన బాధ మాకు లేదు. కానీ ఎదురుగా కూర్చున్నది మేత కొన్నవాళ్లే కాబట్టి టెన్షన్ మాత్రం తప్పలేదు.

లెక్కల కాగితం అందరికీ ముందే పంచాం. అందులో ఉన్నది మళ్లీ చదవకూడదనుకున్నాను. "ఇవి ఇంకా ఆడిట్ కాని లెక్కలు" అని చెప్పి నేరుగా బస్తాల్లోకి దిగాను. అమ్మకం 1.80 కోట్ల నుంచి 2.40 కోట్లకు పెరిగిందంటే వినేవాళ్లకు వ్యాపారం మూడో వంతు పెరిగినట్టే ఉంటుంది. అసలు సంగతి వేరు. నిరుడు ఇదే మూడు నెలల్లో 8,000 బస్తాలు పోయాయి, ఈసారి 10,000. బస్తా ధర 2,250 నుంచి 2,400 అయింది. అంటే సరుకు పెరిగింది పావు వంతే, మిగతాది ధర. ఈ లెక్క వాళ్లు కూర్చున్నచోటే నోటితో వేసుకున్నారు. జనవరి-మార్చితో పోల్చి ఉంటే ఇంకా ఘనంగా కనిపించేది. అయితే వేసవి పంటకు మేత ఎప్పుడు ఎక్కువ పోతుందో వాళ్లకు నేను చెప్పాలా!

లాభం 12 లక్షలు అనకుండా, "వంద రూపాయల అమ్మకంలో ఐదు మిగిలాయి" అన్నాను. ముందు వరుసలో ఒక పెద్దాయన లేచి, "అట్టయితే బ్యాంకులో నాలుగు లక్షలే ఉండాయేందయ్యా?" అన్నారు. ఆ ప్రశ్న వస్తుందని తెలుసు, చెప్పాల్సింది కూడా అదే.

మార్చి 31న బ్యాంకులో 10 లక్షలు ఉన్నాయి. లాభం 12 కలిస్తే 22 కావాలి. కానీ సభ్యులు మనకివ్వాల్సిన అరువు 50 లక్షల నుంచి 85 లక్షలైంది, అంటే 35 లక్షల డబ్బు చెరువుల్లో ఉంది. మేత కంపెనీకి మనం ఆపిన బాకీ 17 లక్షలు పెరగబట్టి ఆ మాత్రమైనా మిగిలింది. 22లోంచి 35 తీసి 17 కలిపితే 4. ఇక్కడ మాత్రం తొందరపడకుండా రెండుసార్లు చెప్పాను.

"ఆ 35 లక్షలు వస్తాయా?" అన్నారాయన. ఏప్రిల్‌లో పిల్ల వేసిన చెరువులు జూన్ నెలాఖరుకు పట్టుబడికి రాలేదు, ఆ బాకీకి భయం లేదు. పట్టుబడి అయిపోయినా కట్టనిది మాత్రం 9 లక్షలుంది. పేర్లు చదవలేదు. ఆ డబ్బు రాకపోతే మనం చెప్పుకుంటున్న లాభంలో మిగిలేది మూడు లక్షలేనని చెప్పాను. హాల్లో కొందరు తలలు దించుకున్నారు. తర్వాత చర్చంతా అరువు గడువు మీదే నడిచింది. పాత బాకీ ఉన్నవాళ్లకు కొత్త బస్తాలు నగదుకే ఇవ్వాలని తీర్మానం రాసుకున్నాక భోజనాలకు లేచాం.