ఖాళీ కొలను తేలకుండా టైల్స్ దశకు చేరిన వైనం

అమలాపురం దగ్గరి మా అతిథి గృహం వెనుక పది మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు గల ఈత కొలను కట్టించాము. కాలువలు కట్టేసే వేసవిలో తవ్వాము గనుక గుంటలో ఊట తక్కువగా ఉండింది. అడుగు స్లాబ్, గోడలు కలిసే అతుకులో పీవీసీ వాటర్‌స్టాప్ పెట్టి, ఎం30 కాంక్రీటుతో పోశాము.

మొదటి నక్షాలో అడుగు స్లాబ్ గోడల బయటి అంచుతోనే ఆగిపోయింది. మా ఇంజనీరు లెక్క వేసి చూపితే నాకు భయం వేసింది. 200 మి.మీ. మందంతో ఖాళీ కొలను బరువు సుమారు 51 టన్నులు. వర్షాకాలంలో భూగర్భజలం నేలమట్టానికి అర మీటరు దిగువ దాకా పైకి వస్తే, అది కొలనును పైకి నెట్టే బలం సుమారు 67 టన్నులు. నిండుగా ఉన్నంతకాలం లోపలి నీరే బరువై కాపాడుతుంది, ప్రమాదమంతా ఖాళీ చేసినప్పుడే. అందుకని స్లాబ్‌ను నాలుగు వైపులా 450 మి.మీ. బయటికి చాచాము, దానిపై పడే మట్టి బరువుతో కలిసి నెట్టుడుకు సుమారు 1.2 రెట్ల ప్రతిబలం వస్తుంది.

అయితే ఆ మట్టి అప్పటికింకా పడలేదు. గోడల బయటివైపు చెమ్మ కనబడాలంటే గుంట తెరిచే ఉంచాలి. కొలను నింపి, ఆవిరయ్యేది ఎంతో తెలియడానికి పక్కనే ఒక బకెట్టులో నీరు పెట్టి ఏడు రోజులు కొలిచాము. బకెట్టులో 35 మి.మీ. తగ్గితే కొలనులో 90 మి.మీ. తగ్గింది. సెంట్రింగు టై రాడ్లు తీసిన రంధ్రాలు రెండింటి చుట్టూ తడి మచ్చలు కనబడ్డాయి. వెంటనే ఖాళీ చేసి పూడుద్దామని మేస్త్రీ అన్నాడు. అప్పటికి కాలువలకు నీరు వదిలారు, భూగర్భజల మట్టం చూడటానికి గుంట పక్కన పాతిన చిల్లుల గొట్టంలో నీరు అర మీటరు లోతుకే వచ్చి ఉంది. నేను ఒప్పుకోలేదు. రెండు పంపులు, విద్యుత్తు పోతే నడిపేందుకు జనరేటరు పెట్టి, ఊట మట్టం స్లాబ్ కిందికి దిగాకే కొలను ఖాళీ చేయించాను. రంధ్రాలను కుంచించుకుపోని గ్రౌటుతో పూడ్చి, మళ్లీ నింపి ఏడు రోజులు చూస్తే తేడా రెండు మి.మీ. మాత్రమే. ఆ తరువాత మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస చేసి, టైల్స్ కోసం రెండోసారి ఖాళీ చేశాము.

టైల్స్ దశలో నా పట్టుదల ఒక్కటే, టైలు వెనుక ఖాళీ ఉండకూడదు. పాలిమర్ పూత రెండు పొరలు ఆరాక, గోడకూ టైలు వీపుకూ అంటుపదార్థం పూయించి, తట్టినప్పుడు డొల్లగా మోగినవాటిని పీకించాను. సందులు ఎపాక్సీతో నింపించాను, గోడ అడుగుతో కలిసే మూలలో మాత్రం సాగే సీలెంటు వేయించాను. మూడు వారాలు ఆగి, నెమ్మదిగా నింపాము. ఆ చిల్లుల గొట్టాన్ని తీయలేదు. కొలను ఖాళీ చేయవలసి వచ్చినప్పుడల్లా ముందుగా దానిలోకి టేపు దించి చూస్తాము.