రేకు ముందు బంతి, రేకు వెనక లేని బంతి: ప్రతిబింబావేశం కొలిచే ప్రయత్నం

నవంబర్ 9, విజయనగరం. ఎర్తింగ్ చేసిన చదునైన లోహపు రేకు ముందు ఒక ఆవేశాన్ని ఉంచితే, రేకు వెనక సరిగ్గా అంతే దూరంలో వ్యతిరేక ఆవేశం ఉన్నట్టుగా ఆకర్షణ కలుగుతుందని పుస్తకాలు చెబుతాయి. 1848లో విలియం థామ్సన్ ప్రచురించిన ఈ ప్రతిబింబ పద్ధతిని లెక్కల్లో ఎన్నిసార్లు వాడినా, ఆ బలాన్ని కంటితో చూడాలనే కోరిక నాకు చాలాకాలంగా ఉంది. 2 సెంటీమీటర్ల వ్యాసమున్న థర్మోకోల్ బంతికి అల్యూమినియం ఫాయిల్ ముడతలు లేకుండా అంటించి, ఒక మీటరు కిందికి వేలాడేలా మేడ మీది గదిలో దూలానికి కట్టాను. ఫాయిల్, జిగురు కలుపుకుని బంతి బరువు 0.3 గ్రాము. దారాన్ని రెండు కొసలూ పైన దూరంగా ఉండేలా V ఆకారంలో కట్టడం వల్ల బంతి పక్కలకు తిరగకుండా ముందుకీ వెనక్కీ మాత్రమే ఊగుతుంది.

మొదటి రోజు ఫలితమేమీ రాలేదు. ఉన్ని గుడ్డతో రుద్దిన పీవీసీ పైపుతో బంతికి ఆవేశమిస్తే నిమిషం తిరిగేలోగా అది చప్పబడిపోయింది. కారణం నూలు దారం. మన తీరపు గాలిలో తేమ పట్టిన నూలు మంచి వాహకమే అవుతుంది. దాని బదులు చేపల గాలానికి వాడే నైలాన్ దారాన్ని స్పిరిట్‌తో తుడిచి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి కట్టాను. ఆ తరువాత చేతి వేళ్లతో దారాన్ని ముట్టుకోకపోవడం ముఖ్యం.

డిసెంబర్ 14. గంటస్తంభం దగ్గర కొన్న నాలుగడుగుల చదరపు అల్యూమినియం రేకును నిలబెట్టి, దాని నుంచి తీగను బోరుబావి ఇనుప గొట్టానికి కలిపాను. ఎర్తింగ్ సరిగా లేదన్న సంగతి ఒక చిన్న గుర్తుతో తెలిసింది: నేను వేలితో రేకును తాకినప్పుడల్లా బంతి కదులుతోంది. ఎర్తింగ్ నిజంగా ఉంటే నా వేలు తాకినా తాకకపోయినా బంతికి తేడా ఉండకూడదు. మల్టీమీటరుతో చూస్తే క్లిప్పు కింద రేకు మీద సన్నని లక్క పూత ఉంది. ఆ చోట ఎమరీ కాగితంతో గీకి క్లిప్పు తగిలించాక ఆ తేడా పోయింది.

అప్పుడు ఎదురైన ఇంకొక చిక్కు నాకు రెండు వారాలు అర్థం కాలేదు. బంతి నిశ్చలంగా వేలాడే చోటు నుంచి 6 సెంటీమీటర్ల దూరానికి రేకును జరిపితే, బంతి మెల్లగా ఒరిగి ఆగడానికి బదులు ఒక్కసారిగా వెళ్లి రేకును తాకి, చిట్‌మన్న శబ్దంతో ఆవేశం పోగొట్టుకుని వెనక్కి వచ్చేస్తోంది. ఆవేశం మరీ ఎక్కువైందనుకున్నాను గానీ అసలు సంగతి లెక్క వేస్తేనే తెలిసింది. బంతి ఆవేశం q, దాని కేంద్రం నుంచి రేకుకు దూరం d అయితే, ప్రతిబింబం 2d దూరంలో ఉంటుంది కనుక ఆకర్షణ F = kq²/(4d²), ఇక్కడ k కూలుంబ్ స్థిరాంకం. బంతి ముందుకు జరిగితే ప్రతిబింబం కూడా ఎదురొస్తుంది, కాబట్టి ఈ బలం త్వరత్వరగా పెరుగుతుంది. బంతిని వెనక్కి లాగే బరువు ప్రభావం మాత్రం జరిగిన దూరం x కి అనుపాతంలోనే పెరుగుతుంది. మొదటి ఎడం D అనుకుంటే, బంతి నిలకడగా ఆగాలంటే x(D−x)² ఒక స్థిర విలువకు సమానం కావాలి, ఆ లబ్ధం x = D/3 దగ్గర గరిష్ఠం. అంటే ఎడంలో మూడో వంతు దాటి జరిగిన బంతి ఇక ఆగదు. నా బంతికి ఉన్న ఆవేశానికి, అంటే సుమారు 8 నానోకూలుంబులకు, D కనీసం 7 సెంటీమీటర్లు ఉండాలని తేలింది. నేను 6 దగ్గర పెడుతున్నాను, అదీ పొరపాటు.

జనవరి 18. మధ్యాహ్నం రెండు గంటలకు గదిలో తేమ 55 శాతం చూపించింది, ఇంతకంటే పొడి రోజు మాకు దొరకడం అరుదు. ఆవేశం ఎంతో విడిగా కొలవకుండానే సిద్ధాంతాన్ని పరీక్షించే దారి ఒకటి ఉంది. వేలాడే బంతికి ఆవేశమిచ్చి, పైపును గది బయటికి పంపించి, అదే కొలత గల రెండో బంతిని ప్లాస్టిక్ కడ్డీతో పట్టుకుని దానికి తాకిస్తే రెండింటికీ సగం సగం వస్తుంది. పైపు దగ్గరలోనే ఉంటే పంపకం సమంగా జరగదు. ఇప్పుడు రెండో బంతిని కేంద్రాల మధ్య 12 సెంటీమీటర్లు ఉండేలా ఎదురుగా నిలిపితే వికర్షణ ఎంత ఉంటుందో, దాన్ని దూరంగా తీసివేసి, జరిగి ఆగిన బంతి కేంద్రానికి రేకు 6 సెంటీమీటర్ల దూరంలో ఉండేలా నిలిపితే ఆకర్షణ కూడా అంతే ఉండాలి. దిశ ఒక్కటే మారుతుంది.

ఆవేశం కాలంతో తగ్గుతుంది కనుక రెండో బంతి, రేకు, మళ్లీ రెండో బంతి అనే వరుసలో, రెండేసి నిమిషాల ఎడంతో మూడు కొలతలు తీసుకున్నాను. దూరాన ఉన్న దీపం వెలుగులో స్కేలు మీద పడే నీడతో చూస్తే బంతి జరిగిన దూరాలు వరుసగా 14.0, 13.3, 12.7 మిల్లీమీటర్లు. మొదటి, చివరి వాటి సగటు 13.35, రేకు ఇచ్చినది 13.3. నా కంటికి అర మిల్లీమీటరు తప్పు ఉండవచ్చు కాబట్టి ఈ రెండూ సమానమనే అంటాను. బంతి బిందువు కాదు కనుక దానిలోని ఆవేశం రేకు వైపు కొంచెం సర్దుకుంటుంది. దాని వల్ల బలం పెరిగే భాగం సుమారు 4(a/2d)³, ఇక్కడ a బంతి వ్యాసార్ధం. d 6 సెంటీమీటర్లు అయితే ఇది 0.2 శాతమే, 2 సెంటీమీటర్లు అయితే 6 శాతం. అందుకే ఇంకా దగ్గరికి వెళ్లలేదు.

కొలతలు రాసుకుంటున్న మా మేనకోడలు, "మావయ్యా, ఆ రెండో ఆవేశం రేకు వెనక నిజంగా ఉంటే, వెనకాల ఇంకొక బంతి పెట్టినా లాగాలి కదా?" అని అడిగింది. చాలా మంచి ప్రశ్న. నిజంగానే ఇంకొక దారానికి ఆవేశమున్న చిన్న బంతిని వేలాడదీసి రేకు వెనక, అంచులకు దూరంగా నిలిపి, ముందున్న బంతిని తెచ్చి తీసేస్తూ చూశాం. వెనక బంతిలో ఏ కదలికా లేదు. రేకు పొటెన్షియల్ సున్నా, రేకు ముందు ఒకే ఒక్క ఆవేశం అనే రెండు షరతులనూ తీర్చే సమాధానం ముందు వైపు ఒక్కటే ఉంటుంది, దాన్ని సులువుగా రాయడానికే ప్రతిబింబం. నిజంగా లాగేది రేకు ముఖం మీద పరుచుకున్న ఆవేశం.

ఆ పరుపు ఎంత విశాలమో చూశాక రేకు పరిమాణం గురించి నాకున్న భయం తీరింది. అనంతమైన తలం మీద, బంతికి సరిగ్గా ఎదురుగా ఉన్న బిందువు నుంచి R దూరం లోపల ఉన్న ఆవేశపు వాటా 1 − d/√(d²+R²). d 6 సెంటీమీటర్లు అయినప్పుడు 15 సెంటీమీటర్ల వ్యాసార్ధంలో 63 శాతమే ఉంటుంది, 90 శాతం కావాలంటే 60 సెంటీమీటర్లు కావాలి. ఈ లెక్క చూసే నాలుగడుగుల రేకు కొన్నాను. కానీ బలంలో వాటా వేరు: దూరపు ఆవేశం పలుచన, పైగా అది లాగేది ఎక్కువగా పక్కకు. బలంలో ఆ వాటా 1 − (d²/(d²+R²))², అంటే అదే 15 సెంటీమీటర్లలో 98 శాతం.

జనవరి 25. మిగిలిన రేకు ముక్కలోంచి 30 సెంటీమీటర్ల వ్యాసంతో ఒక వృత్తం కత్తిరించి, అంచు నునుపు చేసి, అలాగే ఎర్త్ చేసి అదే వరుసలో కొలిచాను. బంతుల సగటు 13.2, వృత్తం ఇచ్చినది 13.1. చిన్న రేకు అంచుల దగ్గర ఆవేశం అనంత తలం మీద ఉన్నట్టే ఉండదు కనుక 98 శాతం అన్నది అంచనా మాత్రమే. ఆ రెండు శాతాన్ని నా నీడ స్కేలు ఎలాగూ చూపలేదు. పెద్ద రేకును రెండు ముక్కలు చేసి లంబకోణంలో నిలబెడితే మూడు ప్రతిబింబాలు రావాలి. ఇప్పుడు దారానికి పట్టిన దుమ్ము తుడిచి, ఆ రెండు ముక్కలు కలిసే అంచు పొడవునా లక్క గీకుతున్నాను.