వాన కాదు, తిరిగొచ్చిన లింక్

రాయగడలో వాన పడితే నెట్ పోవడం మామూలే. కానీ నెట్ తిరిగొచ్చిన ప్రతిసారీ మా డేటాబేస్‌లో రాతలు రెండు సెకన్లు ఆగిపోతుంటే టెన్షన్ పట్టుకుంది.

మూడు కాపీల్లో రెండు విశాఖలో, ఒకటి ఇక్కడ. మధ్యలో రాఫ్ట్, అంటే కాపీలు ఓట్లేసి ఒక లీడర్‌ను ఎన్నుకుని, అది చెప్పినట్టే రాతలు రాసుకునే పద్ధతి. లింక్ తెగిన పది నిమిషాలూ ఇక్కడి మిషన్ లీడర్ పలుకు వినపడక, సెకనూ రెండు సెకన్లకోసారి ఎన్నిక విడతను లెక్కపెట్టే టర్మ్ నంబరు పెంచుకుంటూ ఓట్లడిగింది. 7 ఉన్న టర్మ్ 400 దాటింది. లింక్ రాగానే ఆ పెద్ద నంబరు చూసి విశాఖ లీడర్ దిగిపోయింది. రూల్ అదే మరి. ఇక్కడి మిషన్ రాతల లాగ్ వెనకబడింది కాబట్టి దానికి ఓటు పడదు, అయినా ఎన్నిక పెట్టించింది! కొత్త లీడర్ తేలేదాకా రాతలు ఆగేవి.

ప్రీ-ఓట్ ఆన్ చేశాం. ఇప్పుడు ముందు 'ఓటేస్తారా' అని అడిగి, మెజారిటీ సరేనంటేనే టర్మ్ పెంచుతుంది. రాత్రి లింక్ రెండుసార్లు పోయింది. టర్మ్ కదల్లేదు.