సంపాదకుడి నాలుగు ప్రశ్నలు

"ఏ సాధనం, ఏ వెర్షన్, ఏ విభాగాల్లో వాడారు, తర్వాత ఎవరు సరిచూశారు?"

నేను పంపిన పరిశోధనా పత్రం గురించి పొద్దున్నే జర్నల్ సంపాదకుడి లేఖ. చదవగానే కోపం వచ్చింది. చాట్‌జీపీటీతో ఇంగ్లిష్ దిద్దుకుంటే అదేమైనా నేరమా?

జవాబు రాద్దామని నా చిత్తుప్రతినీ, పంపిన ప్రతినీ పక్కపక్కన పెట్టాను. చర్చా విభాగంలో ఆగిపోయాను. భోజనం కాగానే టీ తాగే స్త్రీలలో రక్తహీనత ఎక్కువగా "కనిపించింది" అని నేను రాసుకున్నాను. దిద్దిన ప్రతిలో ఆ టీ రక్తహీనతకు "దారితీసింది" అని ఉంది.

మాది ఒక్కసారి చేసిన సర్వే. ఏది ముందో, ఏది తర్వాతో దానితో తేలదు. ఆకలిని టీతో చంపుకునే ఇంట్లో తిండీ తక్కువే, రక్తమూ తక్కువే. ఆ వాక్యాన్ని నేను చదివాను కూడా. నునుపుగా ఉంది కదా అని దాటేశాను.

వైద్య జర్నళ్ల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నియమం కొత్తదేమీ కాదు. రాతకు ఏఐ సాయం తీసుకుంటే కృతజ్ఞతల్లో చెప్పాలి, విశ్లేషణకు వాడితే పద్ధతుల్లో రాయాలి. నేను కవరింగ్ లెటర్‌లో కూడా ఒక్క ముక్క రాయలేదు. దాచాలని కాదు, స్పెల్లింగ్ దిద్దించుకోవడం లాంటిదే అనుకున్నాను.

మూడు ప్రశ్నలకు జవాబు రాశాను. నాలుగోదానికి "నేనే" అని రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను. ఆ వాక్యం రెండు రూపాలనూ కింద జతచేశాను.

ఫలితాల విభాగం ఇంకా పోల్చలేదు. సహరచయిత్రి మేడమ్‌కు ఫోను చేయాలి. అదే భయంగా ఉంది.