రెండు మీటర్ల శాంపిల్

అనంతపురంలో మా టైలరింగ్ షాపుకి కాటన్ లైనింగ్ కోసం హైదరాబాద్‌లో కొత్త సప్లయర్ దొరికాడు. పోయినసారి ఇంకొకరు పంపిన అరచేయంత ముక్క చూసి వంద మీటర్లు తెప్పించుకున్నా. ఒక్క ఉతుకుకే లైనింగ్ కుంచించుకుపోయి జాకెట్లు ముడతలు పడ్డాయి.

అందుకే ఈసారి మెరూన్‌లో రెండు మీటర్లు అడిగా. "శాంపిల్ ఫ్రీయే మేడం" అన్నాడు. "కొరియర్?" అన్నా. కాసేపు మాట్లాడలేదు! ఆ ఫ్రీ పార్సిల్ ఇంటికొచ్చాక కొరియర్ అబ్బాయి 'టు పే' అంటూ చేయి చాపడం నాకు కొత్త కాదు.

చివరికి వాట్సాప్‌లో రాసుకున్నాం: గుడ్డ డబ్బులు నావి, కొరియర్ ఆయనది. వంద మీటర్లు తీసుకుంటే గుడ్డ డబ్బులు మొదటి బిల్లులో తగ్గిస్తాడు, తీసుకోకపోతే తిరిగి అడగను.

గుడ్డ రాగానే నిలువునా 50 సెంటీమీటర్లు పెన్నుతో గుర్తు పెట్టి, నానబెట్టి, ఆరేసి కొలిచా. 49 ఉంది, అంటే రెండు శాతమే తగ్గింది. తెల్ల గుడ్డ తడిపి రుద్దితే మాత్రం లేత గులాబీ రంగు అంటింది. ఫొటో పంపా. వేరే లాట్ నుంచి ఇంకో ముక్క పంపుతున్నాడు, ఈసారి రెండు ఖర్చులూ ఆయనవే. ఉతకని మీటరు తేదీ రాసి బీరువాలో పెట్టా, సరుకొచ్చాక పక్కన పెట్టి చూడ్డానికి.